పైలైనుకెక్కిన నీళ్ళు

ఆ శుక్రవారం పొద్దున దయాసాగర్ ఇంట్లో జరిగినంత సంబరం వాళ్ళ పెళ్ళినాడు కూడా జరగలేదంటే నమ్మాలి మీరు. గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్లలో వాళ్ళది పైలైను. అంటే వాలు మీద అన్నిటికంటే ఎత్తున ఉన్న వరుస. ఎన్నో ఏళ్ళుగా ఆ వరుసలో కుళాయి తిప్పితే బుస్సుమని గాలి తప్ప మరేమీ వచ్చేది కాదు. ఆడవాళ్ళంతా కిందికి దిగి, బిందెలు నింపుకొని, తిట్టుకుంటూ ఎక్కేవాళ్ళు. అలాంటిది, ఎండలు మండిపోతున్న ఆ వైశాఖంలో, కుళాయి ధారగా దూకింది.

"ఏమయ్యో, లెవ్వు! నీళ్ళొస్తున్నయ్! మనింట్లనే!" అని సుగుణమణి పెట్టిన కేకకు అతను మంచం మీంచి దిగ్గున లేచాడు. పక్కింటివాళ్ళూ, ఎదురింటివాళ్ళూ అప్పటికే బకెట్లూ గంగాళాలూ బయట పెట్టేశారు. దయాసాగర్ ఒంటిమీద ఐదారు బకెట్లు గుమ్మరించుకున్నాడు. "చాలియ్యవయ్యా, గోదారి ఇంకిపోతది" అని పెళ్ళాం కసిరింది, నవ్వుతూనే.

ఒళ్ళు చల్లబడి ఆఫీసుకు పోయాడు. అతను ఏరియా ఆఫీసులో అకౌంట్స్ గుమాస్తా. సామాను పంపిన వాళ్ళ బిల్లులు చూసి, ఏ రూపాయి ఏ ఖాతాలో పడాలో రాయడం అతని పని. ఆ రోజు కట్ట మీద మొదటి కాగితమే మంచిర్యాల వర్క్‌షాపు వాళ్ళ బిల్లు. ఒక్కటంటే ఒక్కటే లైను: "కాలనీ పంపు రిపేరు, సామాను, కూలి, అంతా కలిపి రూ. 4,400."

అది చదివి అతను పెన్ను కింద పెట్టేశాడు.

సంగతేమిటంటే, కంపెనీ లెక్కల్లో రిపేరు వేరు, మెరుగు వేరు. చెడిపోయిన దాన్ని మునుపటిలా నడిచేట్టు చేస్తే అది రిపేరు. ఆ ఖర్చు ఆ ఏడాది ఖర్చుల్లోనే పోతుంది. అలా కాక, మునుపెన్నడూ చెయ్యని పని చేసేట్టు చేస్తేనో, లేనిది కొత్తగా పెడితేనో, ఆ డబ్బును ఆస్తి విలువకు కలపాలి, ఏటా కొంత కొంత తరుగు కింద తీసెయ్యాలి. బిల్లు మీద దుకాణంవాడు ఏం రాశాడన్నది కాదు, జరిగిన పని ఏమిటన్నదే లెక్క. ఇంతవరకూ దయాసాగర్‌కు నిద్రలో లేపి అడిగినా వచ్చు. చిక్కంతా మంజూరు దగ్గర. రిపేరయితే కాలనీ ఇంజనీరు సంతకం చాలు. కొత్త పనయితే ఆయన చెయ్యి వెయ్యి రూపాయల దాకానే ఆడుతుంది. అది దాటితే కొత్తగూడెం పెద్దాఫీసు నుంచి ముందే కాగితం రావాలి. రాకుండా పని చేయించినవాడికి చార్జిషీటే.

ఆ చేయించినవాడు పంపు ఫోర్‌మన్ రాయమల్లు. వచ్చే సంక్రాంతి దాటితే రిటైరయ్యే మనిషి. దయాసాగర్‌ను కంపెనీలో చేరిన నాటి నుంచీ "తమ్మీ" అని పిలిచే మనిషి. ఇదెక్కడి గ్రహచారం! ఎన్నడూ నీళ్ళెక్కని పైలైనుకు నీళ్ళెక్కించాక అది రిపేరెలా అవుతుంది? సాక్ష్యానికి ఇంకెవరో అక్కర్లేదు, దయాసాగర్ తల ఇంకా తడిగానే ఉంది.

పోనీలే అని రిపేరు రాసేద్దామా అంటే, అకౌంట్స్ ఆఫీసరు కృష్ణాజిల్లా మనిషి, కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూసే రకం. "ఏమయ్యా దయాసాగర్, పైలైనుకి నీళ్ళొచ్చాయటగా? మా వంటమనిషి చెప్పింది. పంపు పెద్దది చేశారా ఏమిటి? ఆ బిల్లు సంగతి సోమవారం పొద్దున నాకు రాసివ్వు" అన్నాడు పోతూపోతూ. దయాసాగర్ బిల్లు మూల పెన్సిల్‌తో 'మెరుగు' అని రాశాడు. రాసిన చేతిని తనే తిట్టుకున్నాడు.

సాయంత్రం అతని మొహం చూసి సుగుణమణి ఊరుకుంటుందా? చాయ్ గ్లాసు పెడుతూనే నిలదీసింది. అతను చెప్పాడు.

"ఎన్నడూ నీళ్ళు రాలేదని ఎవలన్నరు నీకు?" అంది ఆమె.

"నేను చూస్తలేనా? పదేండ్ల సంది ఈడనే ఉంటున్న గదా."

"ఉంటున్నవ్, ఉంటున్నవ్! బిందె ఎత్తినవా ఎన్నడన్న? నేను కొత్తపెండ్లికూతురుగ వచ్చినప్పుడు ఈ కుళాయి ఇట్లనే దుంకేది. రెండేండ్లు నేను గడప దిగలే నీళ్ళకు. తరువాత సన్నగయింది, ఇంకింత సన్నగయింది, ఆగింది. కూసున్నకాడికి నీళ్ళు తెచ్చిస్తుంటే అవి ఏడికెళ్ళి వచ్చినయో మొగోళ్ళకు ఏమెరుక!"

దయాసాగర్‌కు సిగ్గూ సంతోషమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. మునుపటిలా అంటే నిన్నటిలా అని ఎవరన్నారు? పంపు కొత్తగా పెట్టిననాడు ఎలా నడిచిందో అదీ కొలత! అరిగిపోయిన దాన్ని పక్కన పెట్టుకొని చూస్తే ఏ రిపేరయినా మెరుగులాగే కనబడుతుంది. "నువ్వు మా ఆఫీసుల ఉండాల్సినదానివే" అన్నాడు. "జీతం ఇస్తే వస్త" అంది ఆమె.

కానీ పెళ్ళాం మాట మీద బిల్లు పాసు కాదు కదా. మర్నాడు ఆఫీసు ఒంటిపూట. అయిపోగానే పంపుహౌసుకు నడిచాడు. రాయమల్లు అతన్ని చూసి స్టూలు తుడిచి వేశాడు. "ఏంది తమ్మీ, గిట్లొచ్చినవ్?"

"నీ పంపు చూద్దామనొచ్చిన రాయమల్లన్నా. ఏం మార్చినవో అన్నీ చూపెట్టు."

రాయమల్లు మూలన పడేసిన పాత చక్రాన్ని దొర్లించుకొచ్చాడు. పంపులోపల తిరుగుతూ నీళ్ళను పైకి తోసే చక్రం అది. గోదావరి ఇసుక తిని తిని దాని రెక్కలు పీచులయ్యాయి. కొత్తది పంపు చేసిన కంపెనీదే, అదే నంబరు, అదే సైజు. మోటారు పాతదే. బేరింగులూ ఇరుసూ మాత్రం మార్చారు. పంపు ఒంటిమీద కొట్టిన ఇత్తడి రేకును దయాసాగర్ చేతిరుమాలుతో తుడిచి చదివాడు. ఎంత ఎత్తుకు తోస్తుందో దాని మీదే ఉంది. పైలైనుదాకా నిక్షేపంగా ఎక్కేంత ఎత్తే అది. పంపుకు కొత్తబలమేమీ రాలేదు, పోయిన బలం తిరిగొచ్చింది.

"రిపేరే అన్నా! బరాబర్ రిపేరే!" అని అతను రాయమల్లు భుజం చరిచాడు.

సరిగ్గా అప్పుడు గోడ అవతల నుంచి ఓ ముసలి గొంతు వినబడింది. "మల్లన్నా, నువ్వు సల్లగుండాలె కొడుకా! నీ కడుపు సల్లగుండ!" పోశవ్వ. కొడుకు బదిలీ కూలీగా, అంటే పనికి రానివాళ్ళ బదులు, గనిలో దిగుతాడు, క్వార్టరు దొరకని వాళ్ళంతా వేసుకున్న గుడిసెల్లో ఉంటుంది. దయాసాగర్ బయటికొచ్చి చూస్తే, ఆమె చేతిలో నిండిన బిందె. గుడిసెల ముందు మెరిసిపోతున్న కొత్త కుళాయి. పంపుహౌసు నుంచి అక్కడిదాకా కొత్త పైపు.

రాయమల్లు తేలు కుట్టిన దొంగలా నేల చూపులు చూశాడు.

"ఇదేందన్నా?"

"రెండు వందల అడుగుల పైపు, తమ్మీ. వర్క్‌షాపోళ్ళు ఎట్లాగూ వచ్చిండ్రు, అండ్లనే కలుపుమన్న. అవ్వలు వాగుల చెలిమెలు తోడుకొని తాగుతుండ్రు. నేనెన్నిమాట్లడిగినా మీ ఆఫీసులోళ్ళు చూద్దామనుడే. అడగందే అమ్మైనా పెట్టదంటరు, అడిగినా పెట్టకపాయె. గందుకే ఒక్క లైనుల రాపిచ్చిన. రిపేరుల పోనియ్ తమ్మీ, ఎవలు చూస్తరు?"

దయాసాగర్ చెప్పులు తొక్కుకుంటూ ఆ కుళాయి చుట్టూ ఒకసారి తిరిగాడు. ముసలామె నవ్వు మొహం చూశాడు. ఒక్క మాట రాస్తే చాలు, ఎవరికీ తెలియదు. కానీ తెలియకపోవడమే కదా అసలు గండం!

"అన్నా, నువ్వు ఈ కుళాయిని దాస్తున్నవ్. దాచినదాన్ని ఎవలు కాపాడ్తరు? రిపేరుల కలిపితే ఇది కంపెనీ ఆస్తుల్ల ఉండదు. రేపు నువ్వు రిటైరయితవ్. కొత్త ఇంజనీరు వచ్చి ఇదేంది అంటడు, పీకి పారేస్తడు. కరాబయితే బాగుచేసే దిక్కుండదు, లేని కుళాయికి రిపేరెట్ల రాస్తరు? ఇది కొత్తది. కొత్తదని రాద్దాం. పైపుకు ఎంతయింది?"

"కూలితోటి ఎనిమిది వందలు."

దయాసాగర్ ఫక్కున నవ్వాడు. రాయమల్లుకు మతిపోయింది. "వెయ్యిలోపే గదనే! ఇంజనీరు సారు సంతకం చాలు దీనికి. మా ఆఫీసుల కాదు, ముందే ఇంజనీరు సారును విడిగ అడిగుంటే నాడే అయిపోతుండె. పెద్ద బిల్లుల దాచి దీన్ని పెద్దపని చేసినవ్. జల్ది మంచిర్యాల పో. ఏ పనికెంతో విడివిడిగ రాసిన బిల్లు పట్కరా."

సోమవారం రెండు లైన్ల బిల్లు వచ్చింది. దయాసాగర్ దాని పక్కన తన నోటు పెట్టాడు: మూడువేల ఆరువందలు పంపు రిపేరు, ఈ ఏటి ఖర్చు. ఎనిమిది వందలు కొత్త పైపు, కుళాయి, ఆస్తికి కలపాలి. ఇంజనీరు సంతకం పెట్టే ముందు రాయమల్లును నిలబెట్టి, "పని అయినంక మంజూరడుగుతవా!" అని అరగంట తిట్టాడు. తిట్లకు చార్జిషీటు నంబరుండదు కనుక రాయమల్లు హాయిగా విన్నాడు.

ఆఫీసరు మాత్రం కళ్ళజోడు సవరించుకొని, "ఒకే పనిని పరిమితి తప్పించుకోవడానికి రెండు ముక్కలు చేశారా?" అన్నాడు.

"లేదు సార్. ఒకటి పోయింది తిరిగొచ్చింది. ఇంకోటి ముందు లేనే లేదు. రెండు పనులనే ఒక్క ముక్క చేసిండ్రు సార్, నేను విడదీసిన. పాత చక్రం బయట పెట్టించిన, ఒక్కసారి చూడండి."

ఆయన వరండాలోకి వచ్చి పీచయిన రెక్కలను వేలితో తడిమి, సంతకం పెట్టాడు. ఆస్తుల రిజిస్టరులో ఆ కుళాయికి ఒక నంబరు పడింది. ఆ రాత్రి దయాసాగర్ ఇంట్లో కోడికూర వండారు, రాయమల్లు పెళ్ళాంతో సహా వచ్చి తిన్నాడు.

వానలు వెళ్ళాయి. రాయమల్లు పూలదండతో రిటైరయ్యాడు. ఓ మధ్యాహ్నం ఆఫీసు వాకిట్లో గొడవ వినబడి దయాసాగర్ తలెత్తాడు. ప్యూను అడ్డుపడుతున్నా వినకుండా పోశవ్వ బల్లదాకా వచ్చేసింది. చేతిలో విరిగిన కుళాయి పిడి.

"ఏందయ్యా, మా కుళాయి కారవట్టి మూడొద్దులాయె! కంపెనీ కుళాయి గాదా? నంబరున్నదని మల్లన్న చెప్పిండు నాకు. చేపిస్తవా, పెద్దసారు దగ్గరికి పోవాల్నా?"

ఎన్నడూ ఎవరినీ ఏమీ అడిగి ఎరగని మనిషి. ఆ దబాయింపు వింటే దయాసాగర్‌కు ఎక్కడలేని సంతోషం వేసింది. కుర్చీ జరిపి, "కూసో అవ్వా, రేపటికల్లా చేపిస్త" అన్నాడు.

ఈసారి పెన్సిల్ వెతకలేదు. పెన్ను తీసి, తన అందమైన చేతివ్రాతతో, కుళాయి పని కాగితం మీద 'రిపేరు' అని రాశాడు.