రాజలింగు నంబరు

సంచిలో ముందుగా రెండు చీరలు పెట్టింది యాదవ్వ. వాటి మీద మనవరాలి కోసం పాత నూలు చీరలతో కుట్టిన బొంత, ఆ పైన సకినాల డబ్బా సర్దింది. వర్ధన్నపేటలో కూతురు సంధ్యారాణి బిడ్డకు మర్నాడు తొట్టెల. అమ్మమ్మ చేతి బొంత లేకుండా పిల్లను తొట్టెలలో వెయ్యరు కాబట్టి ఆ పొద్దే బయలుదేరాలి. సంచి మూతి ముడివేస్తూ కూడా ఆమె ఒక కన్ను మంచం మీది ఫోన్ మీదే ఉంచింది.

ఆ ఫోన్ ఆమెది కాదు. అందులోని నంబరు ఆమె పెనిమిటి రాజలింగుది.

వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే మనిషి రాజలింగు. మగ్గం దగ్గర అన్నదమ్ములతో మాటా మాటా పెరిగి, ఏడేళ్ల కిందట మరమగ్గాల పనికని బొంబాయి దగ్గరి భివండి పోయాడు. పోతూ పోతూ ఫోన్ పెళ్లాం చేతిలో పెట్టి, "నాకక్కడ షేట్ ఫోన్ ఉంటది, ఇది నువ్వుంచుకో" అన్నాడు. కొత్తవాడలో ఏ ఇంట్లో చూసినా సిమ్ము మగవాడి పేరు మీదే ఉంటుంది, వాడేది మాత్రం ఆడది. అందులో వింతేమీ లేదని యాదవ్వ కూడా ఆ సంగతి ఎన్నడూ ఆలోచించలేదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు ఎవరెవరి ఫోన్ల నుంచో అతను మాట్లాడేవాడు. అతనికి కంఠతా వచ్చిన నంబరు అదొక్కటే. తనదే కదా మరి.

మొన్న శ్రావణమాసంలో మాట్లాడినప్పుడు గొంతు బాగా అరిగిపోయినట్టు వినిపించింది.

"పాణం మంచిగుంటలేదే. మిషన్ కాడ నిలబడలేకపోతాన. ఇంటికి రావాలనుంది."

"రారాదు మరి, ఎవలొద్దన్నరు?"

"గట్ల కాదు. అందరికి మొఖం సూపియ్యాలె గదా. జర సోంచాయించుకో. బతుకమ్మ ముందట ఫోన్ చేస్త. రమ్మంటె వస్త. ఫోన్ ఎత్తకుంటె వద్దన్నట్టే అనుకుంట."

"గదేం మాట! ఇప్పుడే రా..." అనేలోపే లైను తెగింది. తిరిగి చేస్తే అది టీ కొట్టువాడి ఫోన్. వాడికి రాజలింగు ఎవరో తెలియదు. అల్లుడు నవీన్ భివండిలోని మనవాళ్లకు ఫోన్ చేసి అడిగితే, పాత షెడ్డులో అతను పని మానేసి చాలా కాలమైందన్నారు.

అప్పటి నుంచీ యాదవ్వ ఆ ఫోన్‌ను రొంటిన దోపుకునే తిరుగుతోంది. నూలు కండెలు చుట్టేటప్పుడు ఒడిలో, స్నానానికి పోతే గూట్లో. బతుకమ్మ పండుగకు ఇంకా ఎంతో దూరం లేదు.

ఫోన్ మోగింది. కొత్త నంబరే.

"హలో, ఏందీ, నువ్వేనా?"

"అమ్మా, నమస్తే. రాజలింగు గారి పేరు మీద ఉన్న నంబరే కదా ఇది? కంపెనీ నుంచి మాట్లాడుతున్నాను. మీ సిమ్ము పాతదైపోయింది. కొత్త రకానికి మార్చుకోకపోతే ఇవాళ సాయంత్రానికి నంబరు బంద్ అవుతుంది."

యాదవ్వ సంచి వదిలేసి మంచం మీద కూలబడింది. దొంగ ఇంకే మాట చెప్పినా ఆమె ఫోన్ పెట్టేసేదేమో. పైసలు వస్తాయంటే నవ్వేది. ఖాతా బందైతదంటే బ్యాంకుకు పోయి అడిగేది. కానీ నంబరు బంద్ అవుతుందన్నాడు. పైగా రాజలింగు పేరు చెప్పాడు.

"బంద్ చెయ్యకు బిడ్డా, నీ కాళ్లు మొక్కుత. ఏం చెయ్యాల్నో చెప్పు."

"భయపడకండమ్మా. ఒక లింకు పంపించాను. దాన్ని నొక్కండి. మెసేజి దానంతటదే వస్తుంది, మీరు పంపిస్తే చాలు."

నొక్కింది. ఏవో ఇంగ్లిషు అక్షరాలు, చివర ఎవరిదో మెయిలు. పంపింది. వెంటనే కంపెనీ నుంచి పొడుగాటి మెసేజి వచ్చింది. బస్సు బోర్డులూ పేపర్లూ కూడబలుక్కుని తెలుగు నేర్చుకున్న మనిషి యాదవ్వ. ఇంగ్లిషు రాదు. ఆ మెసేజిలో, సిమ్ము మార్చమని మీరు అడగకుంటే ఒప్పుకోవద్దని స్పష్టంగానే ఉంది.

"ఒకటి అని కొట్టి పంపండమ్మా. తర్వాత ఒక ఫోన్ వస్తుంది, అందులోనూ ఒకటే నొక్కండి. కాసేపు సిగ్నల్ పోతుంది, కంగారుపడొద్దు. ఫోన్ ఆపేసి పక్కన పెట్టండి."

అన్నీ అతను చెప్పినట్టే చేసింది. నంబరు దక్కిందన్న ధీమాతో సంచి చంకనేసుకుని బస్సెక్కింది.

మామునూరు దాటాక ఫోన్ వేసి చూసింది. సిగ్నల్ గీతలు ఒక్కటీ లేవు. పక్క సీటులో మొగిలమ్మ అనే ఆమె, వర్ధన్నపేటకే పోయే మనిషి, ఫోన్‌లో కోడలిని తిడుతోంది.

"అక్కా, నీది ఏ కంపెనీ?" అని అడిగింది యాదవ్వ. ఇద్దరిదీ ఒకటే.

"మరి నాకు మంచిగనే వస్తాంది. నీ ఫోన్ ముసల్దైనట్టుంది, నీలెక్కనే," అని నవ్వింది మొగిలమ్మ. యాదవ్వ నవ్వలేకపోయింది.

వర్ధన్నపేటలో దిగి ఇల్లు చేరేసరికి కూడా గీతలు రాలేదు. పసిపిల్లను ఒళ్లో వేసుకుని సంధ్యారాణి గుమ్మంలోనే నిలబడి ఉంది.

"పొద్దట్నించి చేస్తాన, ఫోన్ ఎత్తవేందవ్వా?"

"సిగ్నలే లేదు బిడ్డా. కంపెనీ పిలగాడు కాసేపు పోతదన్నడు."

"ఏ పిలగాడు?"

చెప్పింది. వింటుండగానే కూతురు నవీన్‌ను కేకేసింది. నవీన్ లోపలి నుంచి వచ్చి, ఫోన్ చేతిలోకి తీసుకుని, ఒకసారి ఆపి వేసి చూశాడు. తర్వాత తన ఫోన్ నుంచి అత్త నంబరుకు కొట్టాడు.

యాదవ్వ చేతిలోని ఫోన్ ఉలకలేదు, పలకలేదు. కానీ నవీన్ ఫోన్‌లో మాత్రం రింగు వినిపిస్తోంది. ఎక్కడో మోగుతోంది.

మోగి మోగి ఆగింది. ఎవరో ఎత్తారు. మాట లేదు. ఊపిరి చప్పుడు మాత్రం వినిపించింది. తర్వాత కట్.

"అత్తమ్మా," అన్నాడు నవీన్ మెల్లగా, "నీ నంబరు వాని ఫోన్లోకి పోయింది. కార్డు లేకుంట నడిచే సిమ్ముంటది. నీతోనే అడిగిపిచ్చి వాడు తెచ్చుకున్నడు. ఒక నంబరు ఒక్క తాన్నే నడుస్తది. అక్కడ పాణం వచ్చింది, ఇక్కడ పోయింది."

"వానికెందుకయ్యా గా నంబరు?"

"నంబరు కోసం కాదు, బ్యాంకు కోసం. పైసలు తియ్యాలంటె వచ్చే కోడు నీ నంబరుకే గదా వచ్చేది. ఇప్పుడు వానికి వస్తది."

సంధ్యారాణి అప్పటికే పిల్లను పక్కింటామెకు ఇచ్చి, తల్లిని బ్యాంకు పుస్తకం తియ్యమంటోంది. నవీన్ తన ఫోన్ నుంచి బ్యాంకుకు కొట్టి యాదవ్వతో మాట్లాడించి ఖాతా ఆపించాడు. తర్వాత సైబర్ మోసాల నంబరు 1930కి కొట్టి ఫిర్యాదు రాయించాడు. అప్పటికే ఎవరో పాస్‌వర్డు మార్చాలని చూశారనీ, కుదరలేదనీ బ్యాంకువాళ్లు చెప్పారు. సిమ్ము మారితే ఒక రోజు దాకా మెసేజులు రానియ్యరట. ఆ ఒక్క రోజు అడ్డం నిలిచింది. అయినా కోడు ఫోన్ కాల్‌లో కూడా చెప్పించుకోవచ్చు కాబట్టి ఊరుకోకూడదన్నారు.

"పైసలు ఉన్నయవ్వా, ఫికర్ చెయ్యకు," అంది సంధ్యారాణి, ఊపిరి తీసుకుని. "ఇగ కంపెనీకి చెప్పి నంబరు బంద్ చేపియ్యాలె."

"బంద్ చేపిస్తరా?"

"చెయ్యకుంటె ఎట్ల? వాడు నీ పేరు మీద అందరినీ పైసలడుగుతడు."

యాదవ్వ గోడకు చేరబడింది. ఇంతసేపూ బ్యాంకు, పాస్‌వర్డు అని వాళ్లు పరుగులు పెడుతుంటే ఆమె ఇంకొకటి ఆలోచిస్తోంది. ఇప్పుడే, ఈ గడియలోనే, అక్కడెక్కడో ఎవరి ఫోనో అడిగి తీసుకుని రాజలింగు నంబరు నొక్కుతుంటే? ఆ ఊపిరి చప్పుడువాడే ఎత్తుతాడు. నంబరు బంద్ చేయిస్తే అసలెవరూ ఎత్తరు. ఫోన్ ఎత్తకుంటె వద్దన్నట్టే అనుకుంట అన్నాడు.

"నవీనూ, ఒక్కసారి మళ్ల కలుపు."

"ఎవలికి?"

"వానికే."

నవీన్ భార్య వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. యాదవ్వ చెయ్యి చాచే ఉంచింది. చివరికి కలిపి ఇచ్చాడు. మోగింది. ఎత్తారు.

"బిడ్డా, పెట్టెయ్యకు. నిన్ను తిట్టను. పోలీసుల మాట కూడ ఎత్తను. మా ఆయన ఫోన్ చేస్తడు. రాజలింగు. ఆయనకు ఈ నంబరు తప్ప ఇంకోటి తెల్వది. చేస్తె, ఇంటికి రమ్మన్నదని ఒక్క మాట చెప్పు. యాదవ్వ రమ్మన్నదని చెప్పు. చెప్తవా?"

అవతల ఎక్కడో బండి హారన్ వినిపించింది. ఎవరో ఏదో అనబోయినట్టు అనిపించింది. అంతలో ఫోన్ కట్టయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు కొట్టినా స్విచాఫ్.

నవీన్ కంపెనీకి చెప్పి నంబరు ఆపించాడు.

తొట్టెల అయిన మర్నాడు తల్లీకూతుళ్లు హన్మకొండలోని కంపెనీ ఆఫీసుకు పోయారు. కౌంటర్లో దీప్తి అనే అమ్మాయి అంతా ఓపికగా విన్నది.

"వాడు తీసుకున్నదాన్ని రద్దు చేసినం పెద్దమ్మా. అదే నంబరు మీద కొత్త సిమ్ము ఇస్తం. రాజలింగు గారిని తీస్కరండి. ఆయన ఆధార్, వేలిముద్ర కావాలె."

"ఆయన ఊర్లె లేడు బిడ్డా."

"ఎప్పుడొస్తరు?"

యాదవ్వ రొంటిన ఉన్న ఫోన్ తీసి కౌంటర్ మీద పెట్టింది.

"దొంగోడు ఒక్క మెసేజితోని తీస్కపాయె. ఏడేండ్లు వాడిన నాకియ్యరా?"

"ఆ మెసేజి మీ సిమ్ము నుంచే వచ్చింది గదా. ఇప్పుడు సిమ్ము లేదు, అందుకే మనిషి కావాలె. ఆయనున్నప్పుడే మీ పేరు మీదికి మార్పిచ్చుకుంటె మీ వేలిముద్రతోనే అయిపోయేది. ఇంకోసారి మాత్రం, సిగ్నల్ పోయి పక్కోళ్లకు వస్తాంటె ఒక్క నిమిషం ఆగకుండ్రి. ఎవలి ఫోన్ తోనైనా ముందు మాకు, బ్యాంకుకు చెప్పుండ్రి. లింకులు నొక్కమని మేమెవ్వలకూ ఫోన్ చెయ్యం."

దీప్తి కాస్త తటపటాయించి, గొంతు తగ్గించింది. "ఒకవేళ ఆయన లేకుంటె... డెత్ సర్టిఫికెట్ తెస్తే ఇంటోళ్ల పేరు మీదికి మారుస్తం."

యాదవ్వ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"బతికున్నడు," అంది. "గసొంటి కాయితమేం లేదు. బతికున్నడు."

సంధ్యారాణి తల్లి చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకొచ్చింది. అక్కడే ఇంకో కౌంటర్లో తల్లి పేరు మీద, తల్లి వేలిముద్రతో కొత్త నంబరు తీసుకున్నారు. బ్యాంకులో కూడా అదే రాయించారు. ఆ నంబరు చాలా భద్రమైనదని అందరూ అన్నారు. అది రాజలింగుకు తెలియదు.

భివండిలోని మనవాళ్లందరికీ ఫోన్లు చేశారు. నవీన్ స్వయంగా పోయి షెడ్లన్నీ తిరిగి, ఫొటో చూపించి వచ్చాడు. కొత్తవాడలో మాత్రం యాదవ్వ రోజూ పొద్దున లేవగానే కొత్త నంబరు నుంచి పాత నంబరు నొక్కేది. కొన్నాళ్లు స్విచాఫ్ అని చెప్పింది. తర్వాత ఆ నంబరు ఉపయోగంలో లేదని చెప్పింది. అదే మాట భివండిలో ఎవరి ఫోన్‌లోనైనా అతనూ విన్నాడేమో, విని ఏమనుకున్నాడో, ఆమెకు తెలిసే దారి లేకపోయింది.

రెండువేల ఇరవై అయిదు బతుకమ్మకు రాజలింగు రాలేదు. దసరాకు రాలేదు. ఆ తర్వాత కూడా ఎన్నడూ రాలేదు.