కామా లేని నలభై ఒక్కరు

ఆసుపత్రి సిబ్బందికి కొత్త గుర్తింపు కార్డులు చేయించాలన్నారు. జాబితాలో రెండువేల మూడువందల పదహారు మంది. ప్రతి వరుసలో ముందు ఇంటిపేరు, తర్వాత కామా, ఆ తర్వాత అసలు పేరు. కార్డు మీద మాత్రం పేరు ముందు రావాలి, ఇంటిపేరు వెనక. అంతకుముందు గుమాస్తాగారు ఖాళీ ఉన్నచోట తెగ్గొట్టి తిప్పబోయి, రెండు మాటల ఇంటిపేర్లన్నీ ముక్కలు చేసిపెట్టారు. ఆ పని తెచ్చి కంప్యూటర్ ఆపరేటరమ్మ నెత్తిన పడేశారు.

ఆమె పాత జాబితా నకలొకటి పక్కన దాచుకుంది. కంప్యూటర్ తెర మీద మాటల్ని వెతికి మార్చే పెట్టెలో ఒక్క సూత్రం రాసింది. ఒకే కామా ఉన్న వరుసనే ముట్టుకోవాలి. కామా ముందున్నదంతా ఒక మూట, వెనకున్నదంతా ఇంకో మూట. రెండో మూట ముందుకి తెచ్చి, ఖాళీ వదిలి, మొదటిది వెనక పెట్టాలి. మీట నొక్కితే రెండువేల రెండువందల అరవై ఎనిమిది మారాయి. మిగిలిన వాటిలో ఏడింటికి రెండేసి కామాలు. వాళ్ల ఉద్యోగ దరఖాస్తులు తీయించి చూసి చేత్తో సరిచేసింది. నలభై ఒకటికి కామాయే లేదు. ఆ మనుషులకున్నది ఒక్క పేరే.

"ఒంటి పేరుతో కార్డేంటమ్మా, బోసిగా?" అన్నాడు పరిపాలనాధికారి. "ఆడవాళ్లకి మొగుడి పేరు, మగవాళ్లకి తండ్రి పేరు తగిలించి సాయంత్రానికి ప్రెస్సుకి పంపెయ్."

ఆమె తలూపి వచ్చి కూర్చుంది. నలభై ఒక్కరిలో ఒకామె, అందరూ పెద్దమ్మ అని పిలిచే మనిషి, అప్పుడే గది తుడవడానికొచ్చింది.

"పెద్దమ్మా, నీ కార్డు మీద మీ ఆయన పేరు వేయమంటున్నారు."

పెద్దమ్మ తడిగుడ్డ పిండడం ఆపింది. "వాడింట్లోంచి బయటికొచ్చి ఇరవై ఆరేళ్లయింది. ఇప్పుడు వాణ్ని మెడలో వేలాడేసుకుని తిరగాలా?"

ఆపరేటరమ్మ లేచి తిన్నగా అధికారి గదికెళ్లింది.

"నేను వేయను సార్."

"చెప్పింది చేయడానికేగా నీకు జీతం?"

"వరుస మార్చమన్నారు, మార్చాను. లేని పేరు పుట్టించడం నా పని కాదు. కావాలంటే మీరే కాగితం మీద రాసి సంతకం పెట్టండి."

"నువ్వు లేకపోతే పనాగిపోతుందా?"

"ఆగదు సార్. గుమాస్తాగారున్నారు."

ఆయన మొహం ఎర్రబడింది. కలం అందుకున్నాడు. అప్పటికే గుమ్మం దగ్గర పెద్దమ్మ, ఆమె వెనక పదిమంది ఊడ్చేవాళ్లు వచ్చి నిలబడ్డారు. ఎవరూ కదల్లేదు. ఆయన వాళ్లకేసి చూసి కలం కింద పెట్టాడు.

"సర్లే, అలాగే పంపి చావు."

పై వారమే ఆపరేటరమ్మను నేలమాళిగలోని పాత ఫైళ్ల గదికి మార్చారు. కార్డులొచ్చిన రోజు పెద్దమ్మ మెట్లు దిగి వచ్చి తన కార్డు ఆమె చేతికిచ్చింది.

"చదువు."

ఆపరేటరమ్మ ఆ ఒక్క పేరూ చదివింది.

"ఇంకేం లేదుగా?"

"ఏం లేదు."

పెద్దమ్మ కార్డు మెడలో వేసుకుని, బల్ల మీది దుమ్ము చూసి, గుడ్డ తెస్తానని పైకెళ్లింది.