యాడు లేని పాట

గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్లే దారిలో, కోల్డ్ స్టోరేజీల వెనక, సీతారామాంజనేయులు గారి రేకుల షెడ్డు ఉంది. అందులో ముప్పై మంది ఆడవాళ్లు నేల మీద బారులుగా కూర్చుని ఎండుమిరపకాయల ముచ్చికలు తీస్తారు. ముచ్చిక లేని కాయకు విదేశాల్లో మర్యాద ఎక్కువట. ముచ్చిక తీసిన మనిషికి ఇక్కడే అంత మర్యాద లేదు గనుక, ఆ సంగతిని షెడ్డులో ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

అక్కడ పాటలు పెట్టించింది ఆంజనేయులు గారే. పాట వింటూ ఉంటే చేతులు త్వరగా ఆడతాయని ఆయనకు ఎవరో పంపిన వీడియో చెప్పింది. వెంటనే ఒక బ్లూటూత్ స్పీకరు కొనిచ్చారు. పాటలు మాత్రం అఖిల ఫోన్లోంచి, అఖిల డేటాతో. ఔదార్యానికి ఎక్కడో ఒకచోట హద్దు ఉండాలి కదా.

అఖిల ఇంటర్ చదివి, తూకం దగ్గర కూర్చుని పేర్లు రాస్తుంది. ఎక్కువ మాట్లాడదు. ఆమె ఫోన్లో ‘స్వరధార’ అనే పాటల యాప్ ఉంది, డబ్బు కట్టనిది. ఉచితంగా వచ్చేదానికి ఉండే పొగరంతా దానికి ఉంది. ఒక పాట వెతికి నొక్కితే, అదే పెట్టదు. అలాంటివి కొన్ని కలగలిపి తన ఇష్టం వచ్చిన వరసలో పెడుతుంది. నచ్చకపోతే దాటేయవచ్చు. అదీ గంటకు ఆరుసార్లే. ఏడోసారి నొక్కితే, ఇక చాలు, ప్రీమియం తీసుకో అంటుంది.

“అడిగేది ఒకటి, పెట్టేది ఒకటి,” అంది మొదటిరోజే మాణిక్యమ్మ. ఆ బారుల్లో అందరికంటే పెద్దది ఆమె. “మా ఆయన కూడా ఇంతేనే అఖిలా. కాకపోతే ఆయన్ని ఒక్కసారి కూడా దాటేయనీరు.”

నాలుగైదు పాటలయ్యాక యాడ్లు వచ్చేవి. అమరావతి దగ్గర ఫ్లాట్లు, నిమిషంలో లోను, చేతులు పూలలా ఉంచే క్రీము. మిరప మంటకి వేళ్లు కాలిపోతూ, పడుకునే ముందు పెరుగు రాసుకునే ముప్పై మందికి ఆ క్రీము సంగతి చెప్పాలని యాప్‌కి ఎందుకు తోచిందో గాని, చాలా ప్రేమగా చెప్పేది.

ఆ నిమిషం పాటూ చేతులు ఆగేవి. ఎవరూ నిర్ణయించలేదు, పాట లేనప్పుడు పని కూడా లేనట్టు అలవాటైపోయింది. ముఖానికి కట్టుకున్న గుడ్డ దించి, తల పైకెత్తి, నీళ్లు తాగి, కళ్లు కడుక్కునేవాళ్లు. షెడ్డులో మధ్యాహ్నం భోజనానికి తప్ప లేవకూడదని ఎక్కడా రాసి లేదు. లేచినవాళ్ల వైపు ఆంజనేయులు గారు చూసేవారు. ఆ చూపుంటే రాయాల్సిన అవసరం ఏముంది?

ఆ నిమిషం అందరికంటే ఎక్కువగా రెబ్కాకి కావాలి. ఘాటు ఆమె ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఘాటు దగ్గర పని మానేయమని డాక్టరు చెప్పాడు. మానలేనంటే, పావుగంటకొకసారైనా బయటి గాలి పీల్చమన్నాడు. పావుగంటకొకసారి లేచి బయటికి వెళ్లే మనిషిని ఏ షెడ్డులోనూ పెట్టుకోరు. అందుకని రెబ్కా గుమ్మం పక్కనే కూర్చుని, యాడు రాగానే బయటికి ఒక అడుగు వేసి, గోడకి చెయ్యి ఆనించి గాలి పీల్చుకుని, పాట మొదలవగానే వచ్చి కూర్చునేది. యాడు కోసం చెవులు రిక్కించుకుని ఎదురుచూసే మనిషిని ఆ కంపెనీ వాళ్లు చూసి ఉంటే సన్మానం చేసేవాళ్లు.

“యాడొచ్చిందే!” అని మొదట అరిచేది ఆమే.

ఆ అరుపే కొంప ముంచింది. గుంటూరులో యాడు అంటే మిర్చి యార్డే. ఒకరోజు ఆంజనేయులు గారు గేటు దగ్గర ఉండగా లోపలి నుంచి “యాడొచ్చిందే!” అని వినబడింది. యార్డు నుంచి తనిఖీకి వచ్చారనుకుని ఆయన చొక్కా గుండీలు పెట్టుకుని, ఆఫీసులోంచి మంచి కుర్చీ తానే మోసుకొచ్చి గేటు దగ్గర వేసి, పావుగంట చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఎవరూ రాలేదు. మళ్లీ అదే అరుపు వినబడేసరికి లోపలికి వచ్చి అడిగారు.

“వచ్చింది యార్డు వాళ్లు కాదండి,” అంది మాణిక్యమ్మ. “ఫోన్లో యాడండి. క్రీము.”

“క్రీమొస్తే మీరంతా ఎందుకు ఆగారు?”

ఆయన స్పీకరు వైపు, నీళ్ల చెంబుల వైపు, గుమ్మం బయట గోడ పట్టుకుని నిలబడ్డ రెబ్కా వైపు చూశారు. లెక్క ఆయనకి అర్థమైంది.

మర్నాడు పొద్దున ఒక పాత ఫోను తెచ్చి అఖిల ముందు పెట్టారు. “మా అమ్మాయి భానుశ్రీది. కొత్తది కొన్నానుగా, ఇది ఖాళీగా ఉంది. దాని ఖాతాకే ప్రీమియం కట్టేశా. ఇక యాడ్లు ఉండవు, ఏ పాట కావాలంటే అదే పెట్టుకోవచ్చు. సౌండు కూడా మహా క్లారిటీ అంట.” ఆ క్లారిటీ అంతా వెళ్లి, రేకుల కింద గరగరలాడే ఆ స్పీకరులో పడింది. “మీ కోసమేనమ్మా. సంతోషమేనా?”

“చాలా సంతోషమండి,” అన్నారు ముప్పై మందీ. అంతకు తక్కువ అంటే బాగుండదు.

ఆ రోజు పాట మీద పాట. ఏది అడిగితే అది. దాటేయడానికి లెక్క లేదు, దాటేయాల్సిన అవసరమూ లేదు. ఇష్టమైన పాటలు ఆగకుండా వస్తే ఇంత నరకంగా ఉంటుందని ఎవరూ ఊహించలేదు. రెండు గంటలు గడిచేసరికి రెబ్కాకి దగ్గు మొదలైంది. గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని, పాట అయిపోతుందేమోనని చూసేది. అది అయిపోయీ అయిపోకముందే ఇంకోటి వచ్చేది. మధ్యాహ్నానికి కళ్లు ఎర్రబడి, గోడకి జారబడింది.

“వదినా, లేచి వెళ్లు,” అంది అఖిల.

“లేస్తే చూస్తాడు. రేపు రావద్దంటాడు. రాకపోతే ఎట్టా?”

రెండో రోజు పదకొండింటికి ఒక పాట మధ్యలో టక్కున ఆగింది. ఫోను మీద రాసి ఉంది: వేరే ఫోన్లో పాటలు వింటున్నారు. విజయవాడ హాస్టల్లో ఉండే భానుశ్రీ క్లాసుల మధ్య ఖాళీలో పాటలు చెవిలో పెట్టుకుంది. ఒక ఖాతాలో ఒకేసారి ఒకచోటే పాట. రెబ్కా ఒక్క ఉదుటున గుమ్మం దాటింది.

“ఆ బిడ్డ సల్లగుండాలి,” అని మాణిక్యమ్మ చెంబు ఎత్తింది. “క్లాసులు ఎగ్గొట్టి పాటలు వినేట్టు చూడు అమ్మోరు తల్లీ.”

అఖిల పాట మళ్లీ పెట్టవచ్చు. పెడితే అక్కడ ఆగుతుంది. ఆమె తొందరపడలేదు. పైగా, పాటలు డౌన్‌లోడ్ చేసి ఆఫ్‌లైన్లో పెట్టేస్తే ఎవరు ఎక్కడ వింటున్నా ఆగవని ఆమెకు మొదటి రోజే తెలుసు. ఎవరూ అడగలేదు గనుక చెప్పలేదు.

మూడు రోజులు విజయవాడ అమ్మాయి దయతో షెడ్డు ఊపిరి పీల్చుకుంది. నాలుగో రోజు ఆంజనేయులు గారు పాట మధ్యలో ఎందుకు ఆగుతోందో అడగడానికి షెడ్డులోంచే స్పీకరు పెట్టి కూతురికి ఫోను చేశారు.

“నాన్నా, నేను వింటే మీకు ఆగుతుంది, మీరు వింటే నాకు ఆగుతుంది. ఒక్కరి ప్లాను అంతే.”

“మరి కుటుంబ ప్లాను ఉందంటగా?”

“అందులో అందరూ ఒకే అడ్రసులో ఉండాలి. మీ ముప్పై మంది కూలీలూ, నేనూ ఒక ఇంట్లో ఉంటామా? ఆగండి, ఎందుకా గోల. అఖిలని డౌన్‌లోడ్ చేసి ఆఫ్‌లైన్లో పెట్టమనండి. నెలకొకసారి నెట్ ఆన్ చేస్తే చాలు.”

ఆయన అఖిల వైపు తిరిగారు. “నీకు తెలీదా అమ్మా?”

“ఇప్పుడే విన్నానండి,” అంది అఖిల. తూకం దగ్గర పనిచేసే మనిషి చెప్పిన మొదటి తప్పు తూకం అది.

“రేపు పొద్దున్నుంచి సాయంత్రం దాకా సరిపడా దింపు. ఎక్కడా గ్యాపు ఉండకూడదు.”

ఆఫీసు వైఫై దగ్గర కూర్చుని ఆమె పాటలు దింపింది. మధ్యలో షరతుల పేజీ తెరిచి చదివింది. ఆ ఫోను చేతికి వచ్చాక ఆ పని చేసింది ఆమె ఒక్కతే. ఇది వ్యక్తిగతంగా వినడానికే, వ్యాపార స్థలాల్లో పెట్టడానికి కాదు అని రాసి ఉంది. చూపిస్తే ఆంజనేయులు గారు, “నా షెడ్డు నాకు వ్యక్తిగతమేగా!” అన్నారు. వాదన అక్కడితో ముగిసింది.

ఆమె ఇంకా చదివింది. ప్రీమియంలో పాటల మధ్య కంపెనీ పెట్టే యాడ్లు ఉండవు. కానీ మాటల కార్యక్రమాల్లో, మాట్లాడేవాళ్లు తమ నోటితో చదివే యాడ్లు ఉండవచ్చు, అవి పోవు. ఆ వాక్యాన్ని అఖిల రెండుసార్లు చదివింది. తర్వాత మాటల కార్యక్రమాలు వెతికింది. గుంటూరు వాడే ఒకడు రోజూ మూడు నిమిషాలు మిర్చి ధరలు చెబుతున్నాడు. చెప్పే ముందు నిమిషమున్నర పాటు పురుగుమందు గురించి, డ్రిప్పు పైపుల గురించి పరవశించిపోతున్నాడు. పాత భాగాలు వందకు పైగా ఉన్నాయి. అన్నీ దింపింది. ప్రీమియంలో వరస మన ఇష్టం. నాలుగు పాటలకొక భాగం చొప్పున పేర్చింది.

పొద్దున నాలుగు పాటలయ్యాయి. “రైతు సోదరులకు ఒక శుభవార్త!” అని స్పీకరు గట్టిగా అరిచింది. చేతులు ఆగాయి. రెబ్కా బయటికి నడిచింది.

ఆంజనేయులు గారు పరుగున వచ్చారు. “ఏందిది? డబ్బు కట్టాను కదా!”

“అది యాప్ పెట్టింది కాదండి. ఆ మాట్లాడే ఆయన తన నోటితో చదివేది. ప్రీమియం తీయదండి.”

“ఇంకా పై ప్లానులో?”

“ఏ ప్లానులోనూ పోదండి.”

“అసలు అది ఎందుకు పెట్టావు? తీసెయ్.”

ఫోను వైపు అఖిల చెయ్యి చాపుతుండగా, స్పీకరు పురుగుమందు ముగించి, “ఇక ఈ రోజు తేజ రకం ధర...” అని మొదలుపెట్టింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

“ఉండు, ఉండు. ఏమంటున్నాడో విననీ.”

అది ఎప్పటిదో కిందటి నెల ధర. ఆ మాట ఆయన అడగలేదు. ధర విని పెదవి విరిచి, సగం కోపంగా, సగం ఆశగా నిలబడ్డారు.

“ఇలాంటివి ఇంకా ఉన్నాయా?”

“నాలుగు పాటలకొకటి ఉందండి. తీసేయమంటారా?”

ఆయన ఒక్క క్షణం ఆలోచించారు. పని ఆగితే వచ్చే నష్టం ఒకవైపు, ధర తెలియకపోతే వచ్చే నష్టం ఇంకోవైపు. వ్యాపారం చేసేవాడికి ఎటు మొగ్గాలో ఇంకొకరు చెప్పాలా?

“ఉండనీలే,” అన్నారు. “సౌండు కొంచెం పెంచు, ఆఫీసులోకి వినబడాలి.”

అఖిల సౌండు పెంచింది. రెబ్కా గోడకి ఆనుకుని, గుడ్డ మెడ మీదికి దించుకుని, తొందర లేకుండా గాలి పీలుస్తోంది.