పరీక్షించినవారు: ప్రేమ్

ఐదేళ్లుగా మా కంపెనీ ఇచ్చే ప్రతి ఫైర్ సర్టిఫికెట్ మీద "పరీక్షించినవారు" అన్న గడిలో ప్రేమ్ పేరే. పైపులు పైకెక్కించి, మంటలొస్తే నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు బిగించి, నడుము విరగ్గొట్టుకునేది నేను. సొమ్మొకడిది, సోకొకడిది. వాడికి డిప్లొమా ఉంది. నాకు, అంటే ఎడపల్లి దేవదాసుకు, నిచ్చెన ఉంది.

ఆ రోజు నిజామాబాద్‌లో బోధన్ రోడ్డు షాపింగ్ కాంప్లెక్స్‌కు ఆఖరి పరీక్షలు. యజమాని తరఫు కన్సల్టెంట్ శైలజ మేడం సాక్షి. ఆమె కళ్లముందు పాసైతేనే సర్టిఫికెట్, అది ఉంటేనే ప్రారంభోత్సవం.

కింది అంతస్తులో డిటెక్టర్‌కు పొగ పట్టాం. అలారం ప్యానెల్ మీద సరైన చోటు పేరు పడింది, హూటర్లు మోగాయి. మొదటి అంతస్తు నీళ్ల పరీక్షా అయిపోయింది.

"చాలా బాగా చేశారు ప్రేమ్" అందామె. నా కడుపు మండిపోయింది.

రెండో అంతస్తుకు నీళ్లిచ్చే మెట్ల దగ్గరి వాల్వు మూసి ఉందని నాకొక్కడికే తెలుసు. నిన్న చీరల కొట్టులో కారుతున్న స్ప్రింక్లర్ మార్చడానికి నేనే మూసి, తెరవడం మరిచాను. పొద్దున గుర్తొచ్చింది. చెప్పలేదు. వాల్వులన్నీ చూసి టిక్కు పెట్టాల్సింది వాడు. చూడకుండానే పెట్టాడు. వాడు బోల్తా పడనీ, ఒక్కసారైనా పడనీ అనుకున్నాను.

ప్రేమ్ రెండో అంతస్తులో పైపు చిట్టచివరనున్న పరీక్ష వాల్వు తిప్పాడు. ఒక స్ప్రింక్లర్ తెరుచుకుంటే వచ్చేంత నీళ్లు అక్కడ రావాలి, తొంభై సెకన్లలోపు అలారం మోగాలి. కాసిన్ని నీళ్లు కారి ఆగిపోయాయి. తొంభై దాటింది, నూరు దాటింది. శైలజ మేడం పరీక్ష కాగితం మీద "ఫెయిల్" అని రాసింది.

వాడి మొహం వాడిపోయింది. నాకు హాయిగా ఉంది, అబద్ధమెందుకు.

"దేవదాసన్నా, ఈ పైపుల సంగతి నీకన్న ఎవలికెర్క? జర సూడవా" అన్నాడు ప్రేమ్.

వెళ్లి వాల్వు తెరిచాను. పైపు నిండాక ప్యానెల్ రీసెట్ చేసి మళ్లీ పరీక్ష పెట్టాం. నలభై రెండు సెకన్లకు అలారం మోగింది, ఒత్తిడి తగ్గగానే కింద పంపు తనంతట తానే నడిచింది.

"మూసుందని సూడకుండనే టిక్కు వెట్టిన మేడం, తప్పు నాదే" అని ప్రేమ్ ఒప్పుకున్నాడు. ఆ కాగితంలో ఫెయిలైన వరుస కొట్టేయకుండా, దాని కింద పాసైన సెకన్లు వేశాడు. పక్కన రాశాడు: "లోపం కనిపెట్టి సరిచేసినవారు: దేవదాస్."

"సంతకం వెట్టన్నా. నీ పేరు గూడ ఉండాలని కంపెనోళ్లకు ఎన్నిసార్లు చెప్పిన్నో" అన్నాడు.

శైలజ మేడం పెన్ను అందించింది. మూసింది నేనేనని చెప్పకుండానే సంతకం పెట్టాను. అక్షరాలు వంకర పోయాయి. పైన వాడి సంతకం తిన్నగా ఉంది. ఇప్పటికీ వాడంటే నాకు కుళ్లే.