పచ్చటిక్కు

కంపెనీలో కొత్తగా చేరేవాళ్లు ఏ ప్రశ్నోత్తరాల సైట్లను నమ్మవచ్చో తేల్చే పని ఆమెకూ, పక్కసీటు అమ్మాయికీ అప్పగించారు. ఒక్కో సైటు నుంచి ఇరవై ప్రశ్నలు తీయడం, జవాబు సరైనదేనా, ఓట్లెన్ని, ఏ ఏటిది అని చూసి మార్కులు వేయడం.

మధ్యాహ్నానికి ఆ అమ్మాయి కుర్చీ ఇటు లాగింది.

"అక్కా, ఇది చూడు. పాస్‌వర్డులు ఎలా దాచాలని ప్రశ్న. పచ్చటిక్కున్న జవాబుకి మూడువేల ఓట్లు. కానీ పద్నాలుగేళ్ల నాటిది. ఇప్పుడలా దాస్తే దొంగకి తాళంచెవి ఇచ్చినట్టే. సరైన జవాబు కింద ఉంది, రెండొందల ఓట్లతో."

"పాత ఓట్లు ఎక్కడికి పోతాయి? అప్పటికి అది మంచి జవాబే."

"ఓట్ల సంగతి సరే. ఈ టిక్కు ప్రశ్న అడిగినవాళ్లే పెడతారు, వాళ్లే మార్చాలి కదా. మార్చమని కింద ఎంతమంది మొత్తుకున్నారో. అడిగిన ఈ 'అయోమయం' ఎవరో గానీ, పేరుకు తగ్గ మనిషి."

ఆమె తెర మీద ఆ పేరును చూసింది. ఆ అయోమయం తనే. ఉద్యోగంలో చేరిన మూడోవారం, ఎవరినడగాలో తెలియక అడిగిన ప్రశ్న అది. ఆ జవాబిచ్చినాయన సైటులో పెట్టుకున్న పేరు 'నత్తగారు'. ఒక్క ముక్క అడిగితే మూడు పేరాలు రాశాడు. ఆ పేరాల కింద మొదలైన మాటలు రెండేళ్లకు పెళ్లిదాకా వచ్చాయి. కాపురంలో మాటామాటా పెరిగినప్పుడల్లా, "టిక్కుకి నాకొచ్చిన పదిహేను పాయింట్లు వెనక్కి తీసుకుంటావా ఏం?" అనేవాడు. ఆమెకు నవ్వొచ్చేది, పోట్లాట అక్కడితో సరి.

అతని పేజీలో 'చివరిగా వచ్చింది' అన్నచోట మూడేళ్ల కిందటి తేదీ ఉంది. అతను ఆసుపత్రికి వెళ్లే ముందురోజుది; అక్కణ్నుంచి తిరిగి రాలేదు. ఆ తేదీని చూడడానికే ఆమె అప్పుడప్పుడూ ఆ పేజీ తెరిచేది. టిక్కు మార్చమన్న సందేశాలన్నీ చదివింది. ఒక్కదానికీ బదులివ్వలేదు.

"ఏం రాయనక్కా, ఈ సైటుకి?"

"ఈ జవాబుని అచ్చంగా కాపీ కొట్టేవాళ్లుంటారా ఇంకా?"

"పైన పచ్చగా కనిపిస్తుంటే కిందికి ఎవరు చూస్తారు? పోయినవారం నేనే కొట్టాను. మా టీమ్ లీడ్ పట్టుకుని చీవాట్లు పెట్టాడు."

ఆమె కీబోర్డు ముందుకు లాక్కుంది. తర్వాత తన పాత 'అయోమయం' ఖాతాలోకి వెళ్లింది. పాస్‌వర్డు వేళ్లకు గుర్తుంది.

"అయ్యో, నువ్వేనా అక్కా? నేనేదో వాగాను..."

"తప్పేముంది. పేరుకు తగ్గ మనిషినే."

కింది జవాబు పక్కన బూడిదరంగు టిక్కును నొక్కింది. అది పచ్చబడింది, ఆ జవాబు పైకెక్కింది. నత్తగారి మూడు పేరాలు ఒక మెట్టు దిగాయి. ఓట్లు మూడువేలూ వాటితోనే ఉన్నాయి.

అమ్మాయి మార్కుల పట్టిక వైపు తిరిగాక ఆమె అతని పేజీ తెరిచింది. తేదీ అదే. పాయింట్లు మాత్రం పదిహేను తగ్గాయి.

మూడేళ్లుగా చెక్కుచెదరని పేజీ. ఇవాళ అందులో ఏదో ఒకటి కదిలింది. ఆమె మరోసారి రిఫ్రెష్ నొక్కి చూసింది.