ఎడమ తలుపు

మరిది మెకానిక్ షెడ్డులో అందరికీ ఆమె వదినే. వాడి పిలుపు పనివాళ్లందరికీ అంటుకుంది. హోటళ్ల దుప్పట్లు ఉతికించి చేరవేసే వ్యాను ఆమె బతుకుతెరువు. ఒక లారీ దాని ఎడమ పక్కంతా గీరుకుంటూ పోతే, మరిదే బాగుచేసి, పైసా తీసుకోకుండా తాళాలు చేతిలో పెట్టాడు.

"ఇన్సూరెన్సు వాళ్లు నేరుగా షెడ్డుకే వేస్తారుగా. వాళ్లు ఇవ్వని నీ వాటా నిదానంగా ఇద్దువులే వదినా, నువ్వెక్కడికి పారిపోతావ్?" అన్నాడు.

ఆ డబ్బు మాత్రం రాలేదు. ఎప్పుడు ఫోన్ చేసినా "ప్రాసెస్‌లో ఉందండీ" అన్న పాటే. ఈలోగా విడిభాగాలు అప్పు మీద ఇచ్చిన షాపతను కొత్త సరుకు ఆపేశాడు. పార్టులు లేక షెడ్డులో కార్లు బానెట్లు తెరుచుకుని నిలబడి ఉన్నాయి. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే షట్టర్ దించుకోవడమేనని మరిది నవ్వుతూనే అన్నాడు. తన బండి వల్లే కదా వాడికీ గతి, అనుకుంది ఆమె.

"ఫోన్లతో లాభం లేదు. గట్టిగా ఒక ఉత్తరం రాయి వదినా, సర్వే రిపోర్టు నంబరు, మన ఇన్వాయిస్ నంబరు వేసి," అన్నాడు.

ఆమె షెడ్డు ముందు ఆపిన వ్యానులోనే కూర్చుని రాయడం మొదలుపెట్టింది. దెబ్బలు చూసి వెళ్లిన ఇన్సూరెన్సు సర్వేయర్ ఏ పార్టు మార్చమన్నాడు, ఏది బాగుచేయమన్నాడు, బిల్లులో అది ఉందా లేదా, ఒక్కొక్కటే సరిచూసుకుంటూ పోయింది. ముందు బంపర్, ఉంది. హెడ్‌లైట్, ఉంది. ఎడమ తలుపు, కొత్తది, ఉంది. ఉక్కపోస్తుంటే ఆ తలుపే తీసింది. తీసి, దాని అంచు వైపు చూస్తూ ఉండిపోయింది.

అంచు మీద ఎర్రటి చుక్క. ఎప్పుడో పెయింటు లేచిపోతే తుప్పు పట్టకుండా తన గోళ్ల రంగే పూసింది. "బండిక్కూడా బ్యూటీ పార్లరా వదినా?" అని మరిది వారం రోజులు ఏడిపించాడు. వ్యాను తిరిగొచ్చాక రోజూ ఆ చుక్క కనబడుతూనే ఉంది. బిల్లు చేతిలోకి వచ్చేదాకా బుర్రకు ఎక్కలేదు.

మరిదిని పిలిచి చూపించింది. "ఇది పాత తలుపే కదరా."

"కొత్తది రావడానికి నెలన్నర అన్నారు. అన్నాళ్లు నీ హోటళ్లు ఆగుతాయా? అందుకే కొట్టి సాపు చేశా. గీత కూడా తెలియట్లేదు చూడు."

"మరి బిల్లులో కొత్తదని ఉంది."

"సర్వేయర్ పాస్ చేసిన లిస్టు పక్కన పెట్టుకుని అదే బిల్లులోకి దించేస్తాం. ఎప్పుడూ చేసేదేగా. ఇది మార్చడం మర్చిపోయా."

"మర్చిపోయావా?"

వాడు చేతిగుడ్డతో వేళ్లు తుడుచుకున్నాడు. "మొదట మర్చిపోయా. తర్వాత గుర్తొచ్చింది. ఊరుకున్నా. ఆ తలుపు డబ్బుతో షాపువాడి పీడ పూర్తిగా వదులుతుంది. నీకోసమే కదా వదినా ఆ తలుపు కొట్టింది."

నిజమే. ఆ నిజమే ఆమెను కాల్చింది. కానీ ఉత్తరం కింద ఉండేది తన సంతకం. బండిని మళ్లీ చూడ్డానికి ఎవరొచ్చినా, ఆ తలుపు కొన్న రసీదు అడిగినా, మొత్తం క్లెయిమే గాల్లో కలిసిపోతుంది. అది ఒక లెక్క. తెలిసి సంతకం పెట్టడం ఆమెకు చేతకాదు, అది ఇంకో లెక్క.

"ఇంకో బిల్లు రాసివ్వు. కొత్త తలుపు తీసేసి, రిపేరు కూలి వెయ్యి," అంది.

వాడు చేతిగుడ్డ పక్కన పడేసి బిల్లు పుస్తకం తెచ్చాడు. కొత్త బిల్లు రాసిచ్చాడు.

ఉత్తరంలో సర్వే రిపోర్టు నంబరు, తేదీ వేసి, పాత ఇన్వాయిస్ రద్దయిందని, కొత్త ఇన్వాయిస్ నంబరు ఇదని చెప్పింది. "ఎడమ తలుపును మార్చలేదు, రిపేరు చేయించాము. వాహనాన్ని, తీసిన పాత పార్టులను మళ్లీ తనిఖీ చేసుకుని, తలుపుకు న్యాయమైన కూలి, మిగిలిన పార్టులకు మీ సర్వేయర్ ఆమోదించిన మొత్తం లెక్కకట్టి సెటిల్ చేయగలరు," అని రాసి సంతకం పెట్టింది.

సర్వేయర్ వచ్చాడు. మూలన పడున్న పాత బంపర్‌కు, హెడ్‌లైట్‌కు ఫొటోలు తీసుకున్నాడు. ఎడమ తలుపు తీసి, ఎర్ర చుక్కకు కూడా ఒక ఫొటో తీశాడు. రిపేరు తర్వాత చేయాల్సిన ఆ తనిఖీ రిపోర్టు లేకనే ఫైలు కదల్లేదని అప్పుడు తెలిసింది. తర్వాత డబ్బు పడింది. షాపతని బాకీలో చాలావరకు తీరింది, పూర్తిగా తీరలేదు. షట్టర్ దించాల్సిన పని తప్పింది గానీ, పనివాళ్లలో ఒకణ్ని మాన్పించాల్సి వచ్చింది.

పాత పార్టుల అరుగుదల కింద ఇన్సూరెన్సు కంపెనీ కోసేసింది బండి యజమానిగా తను కట్టాల్సిన వాటాయే కాబట్టి, ఆ మొత్తం కవరులో పెట్టుకుని ఆమె షెడ్డుకు వెళ్లింది. తలుపు మీద వాడు నష్టపోయిన దాంట్లో కొంత కూడా కలిపింది. మరిది ఆ ఎక్కువ పెట్టింది తీసి బల్ల మీద వెనక్కి జరిపాడు. మిగతాది లెక్కపెట్టుకుని, సొరుగులోంచి పుస్తకం తీసి రాయసాగాడు. వాళ్ల మధ్య అలాంటి కాగితం ఏనాడూ లేదు.

"రసీదు తీసుకోండి వదినా," అన్నాడు తలెత్తకుండా. "మళ్లీ ఎవరికైనా చూపించాల్సి వస్తుందేమో మీకు."