నడపడమే కష్టం

రేవు ఆఫీసులో అందరూ ఆమెను మినిట్స్ అమ్మాయి అనేవారు. చేరి రెండు నెలలు కూడా కాలేదు. ఏటికి ఆ గట్టు నుంచి ఈ గట్టుకు జనాన్ని దాటించే మూడు పడవల మంచిచెడ్డలు చూసే ఆఫీసు అది. నెలకోసారి మీటింగు పెడతారు. అక్కడ ఎవరు ఏమన్నారో, ఏం తేల్చారో రాసి అందరికీ పంపడం ఆమె పని.

మీటింగు గది చిన్నది, బల్ల పెద్దది. కిటికీ పక్కన కూర్చున్న మనిషి బయటికి రావాలంటే మిగతా అందరూ లేవాలి. అందుకని ఆ కుర్చీ ఎప్పుడూ కొత్తవాళ్ళకే. అక్కడ కూర్చుని ఆమె చెవులు రిక్కించి రాసుకునేది. పడవ హారన్ కొట్టినప్పుడల్లా కిటికీ అద్దం గడగడలాడి ఒక మాట ఎగిరిపోయేది.

"ఒక్క పేజీ దాటకూడదు. దాటితే ఎవరూ చదవరు," అని సెక్రటరీ మేడం మొదటిరోజే చెప్పింది. "దగ్గులూ తుమ్ములూ చతుర్లూ వదిలెయ్యమ్మా. విషయం పట్టుకో."

ఆ నెల మీటింగులో నాలుగో అంశం పాత పడవ. రెండు కొత్త పడవలు వచ్చాక దాన్ని అందరూ పెద్దమ్మ అంటున్నారు. మేనేజరు చీఫ్ మెకానిక్ వైపు తిరిగి, "మన పెద్దమ్మ సంగతేమిటి?" అని అడిగాడు.

మెకానిక్ భారీ మనిషి. మాట కూడా అలాగే నెమ్మదిగా కదులుతుంది. "పెద్దమ్మకేం సార్, గుండ్రాయిలా ఉంది. ఇంకో పదేళ్ళు నడవడం కష్టం కాదు. దాన్ని నడపడమే కష్టం," అన్నాడు.

గది ఘొల్లుమంది. సరిగ్గా అప్పుడే మేనేజరు ఫోను మోగింది. ఆయన చెవి దగ్గర పెట్టుకుంటూనే, "సరే, చూడండి, తర్వాతది," అని చెయ్యి ఊపాడు. మెకానిక్ ఇంకేదో చెప్పబోయి ఊరుకున్నాడు.

సాయంత్రం ఆమె మినిట్స్ రాయడానికి కూర్చుంది. పేజీకి నాలుగు వరుసలు ఎక్కువయ్యాయి. ఎక్కడ తగ్గించాలా అని చూస్తే నాలుగో అంశం కనిపించింది. గుండ్రాయి, పదేళ్ళు అన్న మాటలకు జనం నవ్వారు కాబట్టి అది చతురు. కొట్టేసింది. మిగిలింది అసలు విషయం. దాన్ని ఆఫీసు భాషలో పెట్టింది: "పాత పడవను నడపడం కష్టమని చీఫ్ మెకానిక్ తెలిపారు." పక్కన 'చర్య' అనే గడి ఖాళీగా ఉండకూడదు. "తగిన చర్య: మేనేజరు" అని నింపింది. పేజీ సరిగ్గా సరిపోయింది. గోరంత జాగా కూడా వృథా కాలేదని మురిసిపోయింది.

మేడం ఒకసారి కళ్ళు పరిగెత్తించి బాగుందంది. చిత్తుప్రతి అందరికీ మెయిలులో వెళ్ళింది. అడుగున ఎప్పుడూ ఉండే వాక్యమే ఉంది: సవరణలు ఉంటే వారంలోగా చెప్పాలి, లేకపోతే సమ్మతించినట్టే భావించి వచ్చే మీటింగులో ఖరారుకు పెడతాం. ఎవరూ కిమ్మనలేదు. ఆ అమ్మాయి దాన్ని మెచ్చుకోలు కింద జమ కట్టుకుంది. నిజానికి మెకానిక్ మెయిలు తెరిచేది జీతం పడినప్పుడు మాత్రమే.

మేనేజరు మాత్రం చదివాడు. మీటింగులో ఫోను మాట్లాడుతూ ఉండిపోయిన మనిషి, తన మీటింగులో ఏం జరిగిందో ఆ కాగితం చూసే తెలుసుకున్నాడు. చీఫ్ మెకానిక్కే కష్టమన్నాక ఇంకేముంది? చర్య తన పేరునే ఉంది. పాత ఇనుము కొనే వ్యాపారికి కబురు పెట్టాడు, వచ్చి చూసి ధర చెప్పమని.

వ్యాపారి టేపు పట్టుకుని రేవుకు వచ్చి పెద్దమ్మను పొడవూ వెడల్పూ కొలవడం మొదలుపెట్టాడు. ఆ పడవ నడిపే సరంగు పైనుంచి చూశాడు.

"ఏమిటయ్యా, చొక్కా కుట్టిస్తావా దానికి?"

"తుక్కు కింద ఎంత పలుకుతుందో చూడమన్నారండీ. ఇక నడపడం కష్టమని మీ చీఫ్ మెకానిక్ గారే తేల్చేశారట గదా."

సరంగుకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఎందుకంటే చీఫ్ మెకానిక్ ఆయనకు పరాయివాడు కాదు, సొంత చెల్లెలి మొగుడు. ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకుంటూ, ఒకే ఇంజను మీద ఒకరు పైనా ఒకరు కిందా పాతికేళ్ళుగా బతుకుతున్నవాళ్ళు. ఆరోజు నుంచి సరంగు చెల్లెలి గడప తొక్కలేదు. రేవులో బావ ఎదురైతే ఏటి వంక చూసేవాడు. ఇంజనులో ఏదైనా తేడా వస్తే కుర్రాళ్ళ చేత కాగితం మీద రాసి పంపేవాడు. మెకానిక్‌కు తలా తోకా అర్థం కాలేదు. ఆయనకూ రోషం వచ్చింది.

ఇద్దరి మధ్యా నలిగిపోయింది చెల్లెలు. ఆమె ఎవరి మీదా ఆధారపడకుండా కూపీ లాగింది. ఒక మధ్యాహ్నం మొగుడి క్యారియరు చేత్తో పట్టుకుని తిన్నగా ఆఫీసులోకి వచ్చింది.

"మినిట్స్ రాసే అమ్మాయివి నువ్వేనా?"

"అవునండీ. కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదమ్మా. మా ఆయన ఇంట్లో రోజుకు పది మాటలు కూడా ఆడడు. నువ్వు ఆయన చేత అంత మాట ఎలా అనిపించావో తెలుసుకుందామని వచ్చాను. మా అన్నయ్య నా చేతి వంట మానేశాడు."

ఆ అమ్మాయి గబగబా లేచింది. వర్క్‌షాపుకు ఫోను చేస్తే మెకానిక్ చేతులు తుడుచుకుంటూ పైకి వచ్చాడు. కంప్యూటరు తెర మీద ఆ వాక్యం చూపించింది. ఆయన కళ్ళజోడు పైకీ కిందికీ జరిపి రెండుసార్లు చదివాడు.

"ఇదేమిటమ్మా! నేనలా అనలేదే."

"నడపడం కష్టమని అన్నారు కదండీ."

"నడపడమే కష్టం అన్నాను. అంటే పడవకేం రోగం లేదు, తోలేవాళ్ళు లేరని. మా బావ దిగిపోతే దాన్ని పట్టేవాడు ఈ రేవులో లేడు. కొత్త పడవల మీద నేర్చుకున్నవాళ్ళకు ఆ చుక్కాని లొంగదు. మనిషిని పెట్టి నేర్పించండని చెప్పబోతుంటే ఫోను మోగింది." ఆయన తెర మీద వేలు పెట్టాడు. "మాటలన్నీ నావే. ఒకటి పీకేశావు, ఒకటి ఉంచావు. ఉన్నదానికి కాలు విరిగింది."

"నువ్వయినా చదువుకోవద్దూ, పంపినప్పుడు?" అంది ఆయన భార్య. ఆయన క్యారియరు అందుకున్నాడు.

వాళ్ళు వెళ్ళాక ఆమె ఫైలు తెరిచింది. 'నడపడం'ను 'నడపడమే' చేసి, కొట్టేసిన వాక్యం మళ్ళీ చేర్చి, చడీచప్పుడు లేకుండా పాతదాని స్థానంలో పెట్టేస్తే సరి. ఎవరు పోల్చి చూస్తారు? వేలు మీట మీదికి వెళ్ళింది. ఎందుకో లేచి మేడం దగ్గరికే వెళ్ళి, జరిగింది జరిగినట్టు చెప్పింది.

మేడం అరవలేదు. "నేనూ చూసి బాగుందన్నాను, కాబట్టి సగం తప్పు నాది. అందరికీ వెళ్ళిపోయిన కాగితాన్ని మాత్రం ఎవరికీ తెలియకుండా మార్చకూడదు. అప్పుడు రేవులో రెండు కాగితాలు తిరుగుతాయి, ఏది నిజమో మనకే తెలియదు."

"మరేం చెయ్యాలండీ?"

"ఇంకా ఖరారు కాలేదు గదా, అదే మన అదృష్టం. ముందు అందరికీ ఒక మెయిలు పెట్టు. నాలుగో అంశంలో చీఫ్ మెకానిక్ మాట తప్పుగా నమోదైంది, మీటింగులో సవరించేదాకా దాని మీద ఏ చర్యా తీసుకోవద్దు అని. తప్పెవరిదో వంకరటింకరగా రాయకు. నమోదు చేసింది మనమే. మీటింగులో మొదటి అంశం పాత మినిట్స్ ఖరారు. అప్పుడు మెకానిక్ గారు సవరణ చెప్తారు, మిగతావాళ్ళు ఒప్పుకుంటారు, ఆ సవరణ కొత్త మినిట్స్‌లో ఎక్కుతుంది. సంతకం దానికి పడుతుంది."

మెయిలు వెళ్ళింది. మేనేజరు వ్యాపారికి ఫోను చేసి ఆగమన్నాడు. కానీ సరంగుకు మెయిలు రాదు. అందుకని ఆ అమ్మాయే రేవుకు వెళ్ళింది.

ఆయన పూర్తిగా విన్నాడు. "అంటే మా బావ అన్నది నా గురించా? నేను దిగిపోతే ఎవరూ పట్టలేరనా?"

"అవునండీ. నేనే తప్పు రాశాను."

సరంగు మీసాల చాటున నవ్వు దాచుకోవడానికి చూశాడు గానీ అది ఆగలేదు. "ఎక్కు," అన్నాడు. "అవతలి గట్టుకు ఖాళీగా పోతున్నాను. ఏమిటో కష్టం, నువ్వే చూద్దువు గాని."

ఏటి నడుమ, చుట్టుపక్కల ఏ పడవా లేనిచోట ఆయన చక్రం ఆమె చేతికిచ్చి పక్కనే నిలబడ్డాడు. రెండు చేతులా లాగినా అది కదలలేదు. ఒళ్ళంతా ఆనించి లాగితే తిరిగింది, కానీ పడవ మాత్రం తిన్నగానే పోతూ ఉంది. తిరగలేదనుకుని ఇంకా లాగింది. అప్పుడు పెద్దమ్మ తాపీగా, చెప్పిన దానికంటే నాలుగింతలు తిరిగింది.

"చెప్పిన మాట దీనికి ఆలస్యంగా వినిపిస్తుంది," అన్నాడు సరంగు. "విందో లేదో అని మళ్ళీ చెప్పావనుకో, రెండూ కలిపి చేస్తుంది. చెప్పి ఆగాలి. అడుగు బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి ఏరు ఎండినప్పుడు కొత్తవి ఇసుకలో కూర్చుంటే ఇదొక్కటే దాటుతుంది. అందుకే పెంకితనం భరించాలి."

పడవ పాములా మెలికలు తిరిగింది. ఆ అమ్మాయి చెప్పు జారి, జుట్టు ముడి ఊడి, పగలబడి నవ్వింది. గట్టున టికెట్ల కౌంటరులోంచి టికెట్ల అక్క తల బయటపెట్టి, "ఎవరే ఆ తాగి నడిపేది?" అని కేకేసింది.

తర్వాతి మీటింగులో మొదటి అంశం రాగానే మెకానిక్ గొంతు సవరించుకుని తన సవరణ చెప్పాడు. మేనేజరు ఫోను బోర్లా పెట్టి విన్నాడు.

"అయితే నేను మంచి పడవను తుక్కు కింద వేయించబోయానన్నమాట."

"కాగితంలో అలా ఉంది సార్," అంది ఆ అమ్మాయి. "తప్పు నాదే."

"నీ కాగితం చూసి మీటింగంతా విన్నట్టే అనుకున్న నాది కూడా," అని ఆయన మెకానిక్ వైపు తిరిగాడు. "ఇప్పుడు చెప్పండి. ఆ రోజు ఆపేసిన మాట ఏమిటి?"

మెకానిక్ చెప్పాడు. సరంగు దిగిపోయేలోగా ఇద్దరికి నేర్పించాలి. వాళ్ళు రోజూ ఆయన పక్కన నిలబడాలి, ఏరు నిండుగా ఉన్నప్పుడూ, ఎండినప్పుడూ కూడా. లైసెన్సు పరీక్ష ఆ తర్వాతే. ఎవరొస్తారని అడిగితే, ఈ సంగతి రేవులో విని టికెట్ల అక్క అప్పటికే అర్జీ పెట్టిందని మేడం చెప్పింది. అందులో కారణం దగ్గర "మినిట్స్ అమ్మాయి కంటే బాగా నడపగలను" అని రాసి ఉంది. గదంతా నవ్వింది. ఈసారి ఆ అమ్మాయి, జనం నవ్వినంత మాత్రాన దేన్నీ కొట్టేయలేదు. అంశం ముగించే ముందు లేచి, తాను రాసింది పైకి చదివింది: "పాత పడవ మంచి స్థితిలో ఉంది. దాన్ని నడపగలిగేవారు సరంగు ఒక్కరే. మరో ఇద్దరికి ఆయన వద్ద శిక్షణ ఇప్పించాలని నిర్ణయం. ఏర్పాట్లు: చీఫ్ మెకానిక్. ఇదేనా అండీ?"

"ఇదే," అన్నాడు మెకానిక్. "మంచి స్థితిలో అనకు, గుండ్రాయిలా అని రాయి."

"అది మినిట్స్‌లో బాగుండదండీ."

"సరే, నీ ఇష్టం."

ఆ ఆదివారం సరంగు చెల్లెలింటికి భోజనానికి వచ్చాడు. ఇన్నాళ్ళ బాకీ తీరేదాకా లేవనిచ్చేది లేదంది ఆమె. బావలిద్దరూ పప్పు అన్నం దగ్గర మొదలుపెట్టి పెరుగన్నం దాకా, ఇంజను గొప్పదా, దాన్ని పట్టే చెయ్యి గొప్పదా అని పోట్లాడుకున్నారు.

నెల తిరక్కుండానే టికెట్ల అక్క మొదటిసారి పెద్దమ్మను తనంతట తాను రేవుకు తెచ్చింది. సరంగు పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇవతలి గట్టున మినిట్స్ అమ్మాయి, మెకానిక్, ఆయన భార్య చూస్తున్నారు. పడవ కాస్త అడ్డంగా వచ్చి గట్టుకు కట్టిన టైర్లను దబ్బున తాకింది. మెకానిక్ గుండె పట్టుకున్నాడు. టికెట్ల అక్క రెండు చేతులూ పైకెత్తి చూపించింది. పడవలో ఉన్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు.